కుర్మాలో ఏం వేశావని అడిగింది

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో, మా వీధి చివరి ఇంట్లోనే లావణ్య వాళ్లుండేవారు. నన్ను అక్కా అనేది. వాళ్ల రిషికి నాలుగేళ్లు. వాడికి జీడిపప్పు పడదు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా లావణ్య ముందే ఫోన్ చేసి గుర్తుచేసేది. నాకూ చేసింది. "నాకు తెలియదా తల్లీ!" అని విసుక్కున్నాను కూడా.

ఆ ఆదివారం మా ఇంట్లో పూరీలు, కుర్మా. కొబ్బరి, గసగసాలు మిక్సీలో వేశాను. అతిథులు వస్తున్నారంటే గ్రేవీ చిక్కగా ఉండాలి కదా, ఇరవై ఏళ్ల అలవాటున చెయ్యి డబ్బాలోకి వెళ్లింది. గుప్పెడు జీడిపప్పు. వేసినట్టు నాకు గుర్తే లేదు. రిషి పెదవులు ఉబ్బడం చూశాకే గుర్తొచ్చింది.

లావణ్య బ్యాగులోంచి పెన్ను లాంటి ఇంజెక్షన్ తీసి వాడి తొడమీద పొడిచింది. వాళ్లాయన అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నాడు. అప్పుడు నావైపు తిరిగింది. ఏడుస్తూ, వేలు చూపిస్తూ అరిచింది. మా ఆయన చెల్లెలు వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని ఆపుతోంది.

"జీడిపప్పు వేశావా లేదా? నిజం చెప్పక్కా! డాక్టర్‌కి చెప్పాలి!"

నా ముందు కంచం. నా మొహంలో ఏమీ లేదు.

"లేదమ్మా. కొబ్బరి, గసగసాలు. అంతే."

ఎందుకలా అన్నాను? భయం. ఆ టేబుల్ చుట్టూ పదిమంది ఉన్నారు. పొరపాటయిందని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. గొంతు మాత్రం వణకలేదు. అది తలచుకుంటేనే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం.

పిల్లాడు కోలుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. వారం తర్వాత మా వాట్సాప్ గ్రూపులో నేనే ఒక మీమ్ పెట్టాను. మీరు చూసే ఉంటారు: ఎడమవైపు ఒకావిడ ఏడుస్తూ వేలు చూపించి అరుస్తుంటుంది, స్నేహితురాలు వెనక నుంచి పట్టుకుంటుంది. కుడివైపు భోజనాల బల్ల దగ్గర, కూరగాయల ప్లేటు వెనక తెల్లపిల్లి, ఏం జరుగుతోందో అర్థంకాని మొహంతో. అరుపుమీద "కుర్మాలో ఏం వేశావ్!!!" అని రాశాను. పిల్లిమీద "ప్రేమ" అని.

గ్రూపంతా పగలబడి నవ్వింది. "లావణ్యా, కూల్" అని ఎవరో అన్నారు. లావణ్య గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఆర్నెల్లకు వాళ్లు దేశానికి ఆ చివరనున్న హెర్న్‌డన్‌కి మారిపోయారు.

ఆ బొమ్మ ఎలా పనిచేస్తుందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అవి రెండు వేర్వేరు ఫొటోలు. ఆవిడ ఆ పిల్లిమీద అరవనే లేదు, పిల్లి ఆవిడను చూడనే లేదు. ఎవరో పక్కపక్కన అతికించారు, అంతే, మన కళ్లు వాటిని ఒకే గొడవగా చదివేస్తాయి. అరిచేవాళ్లకు మతి తప్పిందనుకుంటాం, కదలకుండా కూర్చున్నవాళ్లకు ఏ పాపమూ తెలియదనుకుంటాం. అందుకే నవ్వొస్తుంది. ఎవరు ఏ పక్కనో తేల్చేది మాత్రం మాటలు రాసినవాళ్లే. ఆవిడెందుకు ఏడుస్తోందని ఎవరైనా అడుగుతారా? మా గ్రూపులో ఒక్కరూ అడగలేదు. అడగకూడదనేగా నేను పెట్టింది!

పిల్లికి నిజంగానే ఏమీ తెలియదు. నాకు తెలుసు.

పోయిన నెల ఒక స్నేహితురాలు మాటల మధ్య అంది: "పాపం, రిషికి ఇప్పుడు కొబ్బరి కూడా బంద్. టెస్టులో ఏమీ రాలేదట, అయినా లావణ్య నమ్మదు. ఆ రోజు నీ కుర్మాలో కొబ్బరేగా ఉందంటుంది."

ఫోన్ పెట్టేసి వంటింట్లో నేలమీద కూర్చుండిపోయాను. అంత అరిచింది, అయినా నా మాట నమ్మింది! ఆ పదిమందిలో నా మాటను ఇప్పటికీ పట్టుకుని ఉన్నది ఆమే. తొమ్మిదేళ్ల పిల్లాడు ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ లేకుండా పెరుగుతున్నాడు, పుట్టినరోజు విందుల్లో ప్రతి స్వీటూ వాసన చూసి పక్కన పెడుతున్నాడట. నేను చెప్పిన ఒక్క ముక్కవల్ల.

ఇవాళ పొద్దున లావణ్యకు రాశాను. నాలుగు సార్లు రాసి చెరిపాను. క్షమించమని రాసిన వాక్యం కూడా తీసేశాను, అది నాకోసమే గానీ ఆమె కోసం కాదనిపించింది. చివరికి ఇంతే మిగిలింది:

"ఆ రోజు కుర్మాలో జీడిపప్పు వేశాను. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. ఈ సంగతి డాక్టర్‌కి చెప్పు, రిషికి కొబ్బరి పెట్టొచ్చేమో అడుగు."

గ్రూపులోనూ అదే పెట్టాను. ఈసారి బొమ్మ లేదు.

లావణ్య చదివింది. ఫోన్ చేసి అరుస్తుందేమోనని పొద్దుటినుంచీ టేబుల్ దగ్గరే కూర్చున్నాను. అరిస్తే ఈసారి వింటాను.