అక్కకు చదివి వినిపించని వాక్యం

సాక్చీ కోర్టు బయట టైపిస్టు బల్ల దగ్గర, మా అక్కకు ఆమె ఫిర్యాదు చదివి వినిపిస్తూ ఒక వాక్యం దాటేశాను. ఆమెకు చెవుడు, ఇక్కడి హిందీ చదవడం రాదు కాబట్టే దాటేయగలిగాను.

ఫిర్యాదు ఆమె చెవి మిషను గురించే. అక్క భుయ్యాడీహ్‌లో ఉంటుంది, ఇళ్లలో వంట చేస్తుంది. పిలిస్తే పలకడం లేదని ఒక ఇంట్లో మాన్పించేశారు. అందుకే మిషను కొంది. అది కొన్నాళ్లు కీచుమని, తర్వాత మూగబోయింది. ఒంటరిగా దుకాణానికి వెళ్తే, నోటినిండా గుట్కాతో ఉన్న కుర్రాడు గొంతు రాకుండా పెదాలు మాత్రం ఆడించి పక్కవాణ్ణి నవ్వించాడట. మిషను తెచ్చినట్టు చీటీ కూడా ఇవ్వకుండానే పంపేశాడు. వారంటీ ఉండగానే జరిగిందిది.

ఆమె మిషనూ, బిల్లూ, వారంటీ కార్డూ నా చేతిలో పెట్టింది. వానాకాలమంతా అవి నా స్కూటరు డిక్కీలో పడున్నాయి. నేను వెళ్లేసరికి గడువు దాటిపోయింది. అదే కుర్రాడు గుట్కా ఉమ్మి, "ఇత్నే దిన్ సో రహే థే క్యా?" అన్నాడు, ఇన్నాళ్లూ నిద్రపోయావా అని నవ్వుతూ.

వినియోగదారుల కమిషన్‌కు హిందీలో సారాంశం నేనే రాశాను. కొన్న తేదీ, దుకాణంవాళ్లు ఆమెను మొదటిసారి తిప్పి పంపిన రోజు, వారంటీ ముగిసిన రోజు, వాళ్లకు నోటీసు పంపిన రోజు. బిల్లు, కార్డు, నోటీసు పోస్టు రసీదు జతచేశాను. కొత్త మిషను గానీ డబ్బు వాపసు గానీ, పడిన క్షోభకు పరిహారం, ఖర్చులు కోరాను. మధ్యలో ఆ నెలల ఖాళీకి కారణం చెప్పాలి. "ఫిర్యాదుదారు పెద్దావిడ, మతిమరుపు వల్ల ఆలస్యమైంది" అని రాశాను.

మిగతాదంతా తెలుగులో అరిచి చెప్పాను.

"అంతేనేటిరా?" అంది.

"అంతే అప్పా."

అంతా నిజమని అఫిడవిట్ మీద నోటరీ ముందు సంతకం పెట్టింది.

విచారణలో దుకాణం వకీలు ఆ వాక్యాన్నే పట్టుకున్నాడు. మతిమరుపని ఆవిడే ఒప్పుకుంది, వారంటీలో వచ్చానన్న మాటకు ఏం విలువ అన్నాడు. అచ్చం ఆ కుర్రాడిలాగే నవ్వాడు. కానీ ఆ ఎంగిలి మాట వడ్డించింది నేను. అతను తిన్నాడంతే.

అక్క నా చొక్కా లాగింది. "నా గురించేటంతన్నాడు?"

లేచి నిలబడి, ఆ వాక్యం నాదని, ఆమెకు తెలియదని, మిషను నా దగ్గరే ఉండిపోయిందని చెప్పాను. అదే అఫిడవిట్‌గా దాఖలు చేయమని చెప్పి, కమిషన్ వాళ్లు మరో తేదీ ఇచ్చారు.

బయట వరండాలో ఆమెకు చెప్పాను. మెల్లగా చెబితే వినబడదు. తలలన్నీ మావైపు తిరిగాయి.

"నీకు మతిమరుపని నానే రాసేసినానప్పా. నీకు సదివి సెప్పలేదు. తప్పు నాదే."

అక్క నా మొహంలోకి చూసింది. "ఇంకోపాలి సెప్పు" అంది.

ఇంకా గట్టిగా చెప్పాను.