సింకు ఈగలు, మామిడి ముక్కలు

ఆ ఎండకాలం మానుకోటలోని మా వంటింట్లో పురుగులతో కుస్తీ పట్టాం. డైరీ రాసే అలవాటు కొద్దీ ఏది ఎక్కడ కనిపించిందో రాసుకునేవాణ్ని. అరటిపండ్ల చుట్టూ ఎర్రకళ్ల సన్న ఈగలు. సింకు పక్క గోడమీద, రెక్కలకు నూగున్న బూడిదరంగు ఈగలు. బెల్లం డబ్బా వైపు చీమల బారు.

తిండి ఉన్నచోట మందు వద్దనుకున్నాం. పండ్లు ఫ్రిజ్‌లో పెట్టి, చెత్తబుట్ట రోజూ ఖాళీ చేశాం. గ్లాసులో వెనిగర్ పోసి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేస్తే పండ్ల ఈగలు అందులో మునిగేవి. చీమల బారును సబ్బుగుడ్డతో తుడిచి, డబ్బాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టాం. సింకు ఈగలే లొంగలేదు. రాత్రి సింకు జాలీ మీద టేపు అంటిస్తే పొద్దునకు దాని అడుగున అతుక్కుని ఉండేవి. పైపులోని జిగట పాచిలోనే పుడుతున్నాయన్నమాట. దాన్ని సన్న బ్రష్షుతో గీకుతూ వచ్చాను. తగ్గుతున్నాయి, కానీ నెమ్మదిగా.

అప్పుడే టేకుమట్ల నుంచి నా బావమరిది సంచి నిండా మామిడికాయలు తెచ్చాడు. నా భార్య పుట్టింటి చెట్టువి. గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది. ఇవే చివరి కాయలు. ఆమె వాటిని కడిగి, తుడిచి, కొట్టించి, ముక్కలను పచ్చడి కోసం వంటింట్లో బట్టమీద ఫ్యాను కింద ఆరబెట్టింది.

"నాయిన పెట్టిన చెట్టు. ఈ తొక్కు జర పైలంగ దాసుకుంట" అంది.

మేమిద్దరం వాకిట్లో ఆవాలు ఎండబోస్తుంటే లోపలినుంచి ఘాటు వాసన వచ్చింది. పరుగెత్తాం. బావమరిది చేతిలో పురుగుల మందు డబ్బా.

"దుకాన్ల కొనుక్కొచ్చిన బావా. నువ్వు రోజు బ్రష్షుతోని పైపుకు పండ్లు తోముతున్నవట గద! ఒక్క దెబ్బకు సాఫ్ జేసిన."

"ముక్కల మీద కొట్టినవా?"

"లేదు, గాలిల కొట్టిన."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అతను తలెత్తి చూశాడు. తర్వాత ముక్కల వైపు చూశాడు.

"కడుగుదాం అక్కా."

"కోసిన ముక్కలు తమ్మీ. లోపలికి ఇంకితె కడిగినా పోతదా? నీళ్లు తాగిన ముక్కలతోని తొక్కు ఆగుతదా?"

ఒక ముక్క వాసన చూసింది. మామిడి వాసనే. నా వైపు చూసింది, ఏమైనా చెబుతానేమోనని. మందు పడిందో లేదో తెలుసుకునే దారి నాకూ లేదు.

పెరట్లో గుంత తీసింది నేను. ముక్కలు పోసింది బావమరిది. ఆమె వాకిట్లోకి వెళ్లి కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున సింకు పక్క గోడమీద మళ్లీ ఈగలు వాలి ఉన్నాయి. మందు పైపులోని పాచిదాకా పోలేదు. నేను బ్రష్షు తీశాను.

"ఇంకెందుకు తోముడు?" అంది ఆమె, కడిగిన జాడీని బోర్లిస్తూ.

నేను తోముతూనే ఉన్నాను.