అక్షరక్రమంలో ఇరవైనాలుగు మాటలు

మా మేనత్త రిటైరైన ఇంగ్లిష్ టీచరు. నేను బ్యాంకులో పనిచేస్తాను కదా అని సలహా కోసం నాకు ఉత్తరం రాసింది.

"ఒరేయ్, పెన్షన్ డబ్బు క్రిప్టోలో పెట్టొచ్చా? వద్దంటావని తెలిసే సగం ముందే పెట్టేశాను. నిన్న ఫోన్ బకెట్లో పడి చచ్చింది. కంగారుపడకు. ఆ డబ్బుండే వాలెట్‌ను కొత్త ఫోన్లో తెరవడానికి మొదట్లోనే ఇరవైనాలుగు ఇంగ్లిష్ మాటలిచ్చారు. అడ్డదిడ్డంగా ఉన్నాయని అక్షరక్రమంలో సాపు రాసుకుని, చిత్తుకాగితం చించేశాను."

ఒళ్లు మండిపోయింది. పెట్టేశాక పెట్టొచ్చా అని అడగడమేంటి! తర్వాత ఆ చిత్తుకాగితం మాట మళ్లీ చదివాను. ఆ అడ్డదిడ్డపు వరుసే తాళంచెవి. మారు తాళం ఎవరి దగ్గరా ఉండదు. వెళ్లి బతిమాలుకోవడానికి కౌంటరూ లేదు.

ఉత్తరం చివర ఎర్రసిరాతో ఇంకో ముక్క ఉంది.

"స్పెల్లింగులు రెండుసార్లు చూశాను. ఒక్క తప్పూ లేదు."