తిరుమలగిరి బస్సు తాగిన డీజిల్

సూర్యాపేటలో మా స్కూలు బస్సుల ఖర్చులు నేనే చూసేవాణ్ణి. పత్తి అమ్మితేగాని తల్లిదండ్రులు బస్సు ఫీజు కట్టరు. జీతాలు, ఇన్సూరెన్స్ ఆపలేం కనుక రిపేర్లు వాయిదా వేశాను. తర్వాత తిరుమలగిరి బస్సు ఒక్కటే డీజిల్ ఎక్కువ తాగసాగింది. డ్రైవర్ అమ్ముకుంటున్నాడని అందరి ముందూ అనేశాను.

"నేను తాగేది చాయే సార్. ఒక్కరోజు మీరే ఎక్కి సూడున్రి," అన్నాడతను.

ఏమిటో చూద్దామని ఎక్కాను. తిరుమలగిరిలో దిగి వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే పొయ్యిలా కాలింది. బ్రేకు పట్టేసి వదలడం లేదు. నేను ఆపిన రిపేరే అది.

బాగుచేయించాక డీజిల్ తగ్గింది. నా మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అతను పని మానేసి కోదాడ వెళితే, ఆ నింద అక్కడికీ చేరిందట. అతను చుక్క డీజిల్ కూడా అమ్ముకోలేదు.