చేతిలో ఉన్న తాడు

మా బడి మీదుగా విమానం వెళ్తున్నప్పుడు పాఠం ఆగిపోతుంది. ముప్పై ఇద్దరు పిల్లలూ నేనూ నోళ్లు మూసుకుని, దాని నీడ ఆవరణ దాటి, ప్రహరీ గోడెక్కి, అవతలి జొన్నచేలో దిగేదాకా చూస్తాం. మొదటి ఏడాది విసుగొచ్చేది. తర్వాత ఆ మౌనం బాగుందనిపించింది. భజనలో ఒక కీర్తనకూ ఇంకో కీర్తనకూ మధ్య తాళాలు ఆగిన చోట ఉండేది అలాంటి మౌనమే.

నేను భజనలో పెరిగినదాన్ని. తుక్కుగూడ దగ్గర మా ఊళ్లో ప్రతి శనివారం సాయంత్రం మా బాపు తాళాలు పట్టుకుని ముందు కూర్చునేవాడు. ఆయన ఒక చరణం అంటే ఊరంతా అందుకునేది. చదువు రానివాళ్లు కూడా పురాణం మొత్తం అలాగే నేర్చుకున్నారు. ఒకరు చెప్పడం, అందరూ తిరిగి అనడం. గుంపులో కలిసిన గొంతు తప్పు పాడదని నేను నమ్మాను. ఇప్పటికీ శనివారం తప్పకుండా ఊరెళ్లి ఆ భజన చాప మీద కూర్చుంటాను.

అందుకే ఏడో తరగతికి సరళ యంత్రాల పాఠం వచ్చినప్పుడు దాన్నీ భజన చేశాను. మూడే మూడు పంక్తులు.

బలభుజం పొడుగైతే పని తేలిక.
వాలు పొడుగైతే ఎక్కుడు తేలిక.
తాళ్లెన్ని కనబడితే అంత తేలిక.

నేను ఒక పంక్తి అంటాను, పిల్లలు చప్పట్లతో అందుకుంటారు. పంక్తి అయిపోగానే లెక్క. గడ్డపారతో బండను లేపుతున్నాం. ఆధారం నుంచి బండ దాకా ఇరవై సెంటీమీటర్లు, చెయ్యి దాకా, అంటే బలభుజం, నూట ఇరవై. యాంత్రిక లాభం ఆరు. తొంభై కిలోల బండకు పదిహేను కిలోల బరువుతో నొక్కితే చాలు. ఆటో ట్రాలీలోకి మోటారు సైకిలు ఎక్కించాలి. ట్రాలీ ఎత్తు మీటరు, వాలుగా వేసిన చెక్క మూడు మీటర్లు. లాభం మూడు. నూట ఇరవై కిలోల బండిని తోయడానికి నలభై కిలోల బలం. రాపిడి లేదనుకుంటే అని చివర్లో అందరం కలిసి అంటాం. ఆ మాట పిల్లలకు మహా ఇష్టం. మధ్యాహ్నం బడిలో అన్నం పెట్టేటప్పుడు కూడా ఒకడు, "రాపిడి లేదనుకుంటే ఇంకో గరిటె ఎయ్యి అక్కా" అనేవాడు.

మూడో పంక్తికి ఒక్క పిల్ల నోరు మూసుకునేది. మూడో బెంచీ చివర, కిటికీ పక్కన కూర్చునేది. మొదటి రెండు పంక్తులూ గట్టిగానే పాడి, తాళ్ల దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు మాత్రం కొట్టేది. ఆ పిల్ల నాన్న బోరు మోటార్లు పైకి తీసే పని చేస్తాడని నాకు తెలుసు. సిగ్గు పడుతోందనుకున్నాను.

జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు ప్రతి బడి నుంచీ ఒక్కరినే పంపాలి. ఈసారి ఈ పాఠం మీద పెట్టిన పరీక్షలో మొదట వచ్చినవాళ్లు వెళ్తారని పెద్ద మేడం చెప్పారు. ఆ పిల్లకు వెళ్లాలని ఎంత ఆశో, ఆమె నోటు పుస్తకం చివరి పేజీలో చూశాను. దారం చుట్టే చెక్క రీళ్లతో చెయ్యబోయే నమూనా బొమ్మ అక్కడ ముందే గీసుకుంది.

పరీక్షలో చివరి ప్రశ్న కప్పీల మీద. బొమ్మ నేనే గీశాను. పైన దూలానికి ఒక కప్పీ, కింద బరువుకు ఒక కప్పీ. తాడు ఒక కొస పైన దూలానికి కట్టి ఉంటుంది. అది కిందికి దిగి, కింది కప్పీ చుట్టూ తిరిగి, పైకెళ్లి, పై కప్పీ మీదుగా మళ్లీ కిందికి, మనిషి చేతికి వస్తుంది. బరువు నూట ఇరవై కిలోలు. ఎంత బలం కావాలి? బొమ్మలో తాళ్లు మూడు కనబడతాయి. కాబట్టి నా జవాబు నలభై. తరగతి మొత్తం నలభై అని రాసింది. ఆ పిల్ల అరవై అని రాసింది.

ఎర్ర కలంతో అడ్డంగా కొట్టాను. రెండు మార్కులు పోయాయి. ఇరవై అయిదుకు ఇరవై మూడు. తరగతి లీడరు పిల్లవాడికి ఇరవై అయిదు వచ్చాయి.

పేపర్లు పంచిన శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, చేతిల ఉన్న తాడు గూడ బరువు మోస్తదా?"

"పాట పాడుకో. తాళ్లెన్ని కనబడితే?"

వెనుక నుంచి తరగతంతా "అంత తేలికా!" అని అందుకుంది. ఎవరో నవ్వారు. "బోరింగు మేడం" అని ఒకడు ఆ పిల్లను మెల్లగా వెక్కిరించాడు. ఆ పిల్ల పేపరు నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది. అప్పుడే విమానం వచ్చింది. అందరం పైకి చూశాం. ఆ పిల్ల మాత్రం చూడలేదు.

మరునాడు రెండో శనివారం, బడికి సెలవు. శంషాబాద్‌లో మేముండే ఇంట్లో రెండు రోజులుగా బోరు పనిచేయడం లేదు. మోటారు పైకి తీయాలన్నారు. పొద్దున్నే వచ్చిన మనిషిని చూస్తే ఆ పిల్ల నాన్నే. వెంట ఆయన తమ్ముడు. మూడు ఇనుప పైపులు గుడారం కొయ్యల్లా నిలబెట్టి, కొసలు ఒకచోట బిగించి, దానికి కప్పీ వేలాడదీశారు. ఇంకో కప్పీని బోరు పైపుకు పట్టీ వేసి తగిలించారు. తాడు పైన కట్టి, కిందికి, పైకి, మళ్లీ చేతికి. నా ప్రశ్నపత్రంలోని బొమ్మ మా ఇంటి వెనుక నిలబడింది.

"చెయిన్ కప్పీలు లేవా అన్నా?" అన్నాను.

"ఉన్నయి మేడం. గీ చిన్న బోరుకు గంత ఎందుకు? మా తమ్ముడు తిన్నదరగాలె కద."

తమ్ముడు, "ఇగ మొదలువెట్టిండు" అన్నాడు.

వాళ్లు లాగుతుంటే పైపు నెమ్మదిగా భూమిలోంచి వస్తోంది. తడిసి, మెరుస్తూ, ఎప్పటినుంచో నిద్రపోతున్నది లేచినట్టు. నేను గడప మీద కూర్చుని చూస్తూ, తెలియకుండానే నా పాట సన్నగా పాడాను. మూడో పంక్తికి ఆయన తాడు పట్టుకునే ఆగిపోయాడు.

"ఏంది మేడం అది? తాళ్లెన్ని కనబడితే అంత తేలికనా?"

"అవును. ఇక్కడ మూడున్నాయి కదా."

ఆయన పెద్దగా నవ్వాడు. "మోసేటియి రెండే. గిది నేను లాగేది. గిది మోస్తే నేనెందుకు మేడం, ఇంటికివోయి పండుకుంటగద!"

"గిది మోస్తదంటే నిన్ను గూడ కప్పీకే కట్టాలె అన్నా" అన్నాడు తమ్ముడు.

"మా బిడ్డ గూడ నిన్న గిదే అడిగింది. రాత్రి అన్నం సరిగ తినలే. ఏమైందే అంటె చెప్పలే. జర పరేషాన్‌ల ఉన్నది."

నేను లోపలికి వెళ్లి సుద్దముక్క తెచ్చాను. బోరు మూతి దగ్గర పైపు మీద ఒక గీత, చేతికొచ్చే తాడు మీద ఆయన చెయ్యి పైన ఒక గీత గీశాను. లాగమన్నాను. పైపు మీది గీత మూర పైకి వచ్చాక ఆపమని, తాడు మీది గీత ఎంత దిగిందో మూరతో కొలిచాను. రెండు మూరలు. మళ్లీ కొలిచాను. రెండే. లాభం మూడైతే మూడు మూరల తాడు చేతికి రావాలి. రాపిడి బలాన్ని మారుస్తుంది కానీ తాడు పొడవును మార్చదు.

"సగం బరువే పడుతోందా చేతికి?" అన్నాను.

"సగం కన్న జర ఎక్కువనే. కప్పీ పాతది, తుప్పు పట్టింది" అన్నాడాయన.

గడప మీద కూర్చుండిపోయాను. తప్పు ఎక్కడ పుట్టిందో గుర్తొచ్చింది. నేను చదువుకున్న రోజుల్లో చూసిన బొమ్మలో తాడు కొస కింది కప్పీకే కట్టి ఉండేది, మనిషి పైన నిలబడి పైకి లాగేవాడు. అక్కడ మూడు తాళ్లూ బరువును పట్టుకున్నవే. ఆ బొమ్మకు సరిపోయిన మాటను అన్ని బొమ్మలకూ పాటగా కట్టాను. ముప్పై మంది గొంతులు కలిసేసరికి నాకే నమ్మకం కుదిరింది.

ఆ సాయంత్రం భజనలో పాలకడలిని చిలికిన కథ వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆ కథలో నాకు కనబడేది లాగేవాళ్లే. ఇటు వరుస, అటు వరుస, మధ్యలో పాము తాడు. కళ్లు మూసుకుంటే ఆ రోజు వాళ్లెవరూ కనబడలేదు. కొండ కింద, నీళ్ల అడుగున, చప్పుడు లేని చోట తాబేలై కూర్చున్న స్వామి కనబడ్డాడు. పైన ఎవరు ఎంత అరిచినా బరువంతా ఆయన వీపు మీద. దీపం ఊగుతోంది, తాళాలు దూరంగా ఎక్కడో మోగుతున్నాయి. నా వంతు చరణం వచ్చినా అందుకోలేదు. పక్కనున్న అక్క మోచేత్తో పొడిచింది. "ఏందే, నిద్రనా?"

నిద్ర కాదు. గుంపులో నోరు మూసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలుసుకుంటున్నాను.

సోమవారం పేర్లు పంపాలి. ప్రార్థన గంటకు ముందే పెద్ద మేడం గదికి వెళ్లి, నా జవాబు తప్పని, అరవై సరైనదని చెప్పాను. ఇద్దరినీ పంపవచ్చా అని అడిగాను. ఒక్కరే అన్నారు. అరవై రాసిన పిల్ల పేరు రాసిచ్చి వచ్చాను. తరగతిలో నల్లబల్ల మీద మళ్లీ ఆ బొమ్మ వేశాను. బరువున్న కప్పీ చుట్టూ సుద్దతో ఒక గుండ్రం గీసి, ఆ గుండ్రాన్ని పైకి పట్టుకున్న తాళ్లెన్నో లెక్కపెట్టమన్నాను. రెండు. ఆ పిల్లకు ఇరవై అయిదు, మిగతా అందరికీ రెండేసి తక్కువ.

లీడరు లేచాడు. "మీరే కద టీచర్ పాడిచ్చిండ్రు."

"నేనే. తప్పు పాడించాను."

"మరి మా మార్కులు?"

వాడి పేపరు తీసుకుని ఇరవై మూడు అని దిద్దాను. వాడు కూర్చున్నాడు కానీ రెండు వారాలు నా ముఖం చూసి మాట్లాడలేదు. ఇప్పటికీ వాడిని చూస్తే నా చూపు కొంచెం కిందికి దిగుతుంది.

ఆ పిల్ల మధ్యాహ్నం వచ్చింది. "టీచర్, మా నాన్న చెప్పిండని మార్కులిచ్చిండ్రా?"

"కాదు. తాడు కొలిచి ఇచ్చాను. రెండు మూరలు వచ్చింది."

"నేను గూడ కొలిసిన" అంది. "పోయిన ఎండాకాలంల."

ఇక మూడో పంక్తి మార్చాలి. నువ్వే కట్టు అన్నాను. కిటికీ వైపు చూస్తూ చాలాసేపు పెదవులు కదిపింది. "బరువును పట్టిన తాళ్లెన్నో అంత తేలిక" అంది. తాళానికి కాస్త పొడుగైంది. అయినా అలాగే ఉంచాను.

చివరి పిరియడ్‌లో మొదటి రెండు పంక్తులు నేనన్నాను, పిల్లలు అందుకున్నారు. మూడోదానికి ఆగాను. ఆ పిల్ల లేచి నిలబడేసరికి విమానం వచ్చింది. చక్రాలు ఇంకా లోపలికి ముడుచుకోలేదు, కనబడని వాలు మీద ఎక్కుతున్నట్టు పైకి పోతోంది. దాని నీడ గోడెక్కి జొన్నచేలో దిగేదాకా అందరం ఎదురుచూశాం. అప్పుడు ఆమె పాడింది. ఒక్క క్షణం ఎవరూ అందుకోలేదు. లెక్కపెట్టుకుంటున్నారు. తర్వాత ఒకరొకరుగా అందుకున్నారు.