ఎడమ కింది మూల

దేవసహాయం మాస్టారిని ఒక్కసారైనా ఓడించాలి. యోబు జీవితంలో ఇంతకన్నా పెద్ద కోరికేదీ వెతికినా దొరకదు. ఉద్యోగమూ పెళ్ళీ వాటంతట అవే జరిగిపోయాయి. ఇది మాత్రం జరగనంటే జరగనని భీష్మించుకు కూచుంది.

మాస్టారు తెనాలిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కొలకలూరు నుంచి సైకిలు మీద బడికొచ్చే యోబుకి లెక్కలతోపాటు రివర్సీ ఆట కూడా ఆయనే నేర్పారు. బజార్లో బోర్డు దొరక్క, అట్ట మీద ఎనిమిదేసి గళ్ళు ఎనిమిది వరసలు గీసి, కూల్‌డ్రింకు మూతలు పోగేశారు. బోర్లా పడుకున్న మూతలు ఒకరివి, వెల్లకిలా ఉన్నవి ఇంకొకరివి. అవతలివాడి మూతలు మన రెండు మూతల మధ్య ఇరుక్కుంటే, అవి తిరగబడి మనవైపోతాయి. కనీసం ఒక్కటైనా తిప్పగలిగే గడిలోనే కొత్త మూత పెట్టాలి. అలాంటి గడి ఒక్కటి కూడా లేకపోతేనే వంతు వదులుకోవాలి. చివరికి ఎవరివి ఎక్కువుంటే వాళ్ళది గెలుపు. ఆట ఇంతే. ఇంత చిన్న ఆటలో కూడా యోబు ఏనాడూ మాస్టారి మీద గెలవలేదు.

పెద్దవాడయ్యాక బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో పనికి కుదిరాడు. తొంభై ఒకటిలో ఆ గదికి ఏసీ పెట్టారు. చెప్పులు బయట విడిచి, ప్రార్థనకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళాలి. తన వల్ల కానిది యంత్రం వల్ల అవుతుందేమోనని యోబుకి అక్కడే ఆశ పుట్టింది. రివర్సీ ఆడే ప్రోగ్రాం రాశాడు. శనివారం శనివారం మాస్టారు తెనాలి నుంచి పాసింజరెక్కి వచ్చి, రోజంతా ఆట మీద ఆట ఆడి దాన్ని చితక్కొట్టి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు.

మొదట్లో ఆ ప్రోగ్రాం ఏ ఎత్తు వేస్తే తనకి ఎక్కువ బిళ్ళలు వస్తాయో చూసి అది వేసేది. సగం ఆట దాకా తెరంతా దానిదే. ఆపైన ఘోరంగా ఓడేది.

"ఇదేంట్రా, అచ్చం నీలాగే ఆడుతోంది," అన్నారు మాస్టారు. "బిళ్ళలు ఎన్నుంటే ఏంటి? కదలడానికి చోటు లేనివాడు నేనెక్కడ తొయ్యమంటే అక్కడ పడి చావాల్సిందే. నాకెన్ని ఎత్తులున్నాయో, నీకెన్ని ఉన్నాయో, అది లెక్కపెట్టించు."

యోబు అలాగే రాశాడు. తన ఎత్తుల సంఖ్యలోంచి అవతలివాడి ఎత్తుల సంఖ్య తీసేసి, వచ్చినదాన్ని ఒక అంకెతో హెచ్చించి ఆ ఎత్తుకి వేసే మార్కుల్లో కలిపాడు. దానితోపాటు ప్రతి గడికీ ఒక విలువ కట్టి పట్టిక రాశాడు. మూల గడిలో పెట్టిన బిళ్ళని ఎవరూ తిప్పలేరు కాబట్టి దానికి నూరు. మూలకి ఏటవాలుగా ఆనుకున్న గడి మహా ప్రమాదం, అక్కడ కాలు పెడితే అవతలివాడికి మూలకి దారి ఇచ్చినట్టే. దానికి మైనస్ యాభై. ఆ కంప్యూటరు మహా నెమ్మది. తన ఎత్తు వేశాక బోర్డు ఎలా ఉంటుందో చూసి మార్కులు వేసుకోవడమే తప్ప, అవతలివాడి జవాబు దాకా ఆలోచించే ఓపిక దానికి లేదు. ఆ ముందుచూపుకి బదులే ఈ మైనస్ యాభై.

ఇక్కడే యోబు ఒక బద్ధకపు పని చేశాడు. బోర్డుకి నాలుగు మూలలూ ఒకటే. అటు తిప్పినా ఇటు తిప్పినా, అద్దంలో చూసినా ఆట మారదు. అందుకని అరవై నాలుగు గళ్ళకీ పది వేరువేరు విలువలు చాలు. యోబు వాటిని అలా జతలు కట్టకుండా, దేని విలువ దానికే వదిలేశాడు. గెలిచిన ఆటలో ప్రోగ్రాం ఎత్తు వేసిన గళ్ళ విలువ కొంచెం పెరిగేట్టు, ఓడిన ఆటలో కొంచెం తగ్గేట్టు రాశాడు. ఆటే తేల్చుకుంటుందిలే అనుకున్నాడు.

వానాకాలం వచ్చేసరికి ప్రోగ్రాం గెలవడం మొదలుపెట్టింది.

మొదటిసారి యోబు గదిలో గంతులేశాడు. మాస్టారు నవ్వి భుజం తట్టారు. మరుసటి శనివారం మళ్ళీ గెలిచింది. ఆ పై శనివారమూ అంతే. మూడోసారికి యోబుకి గంతులెయ్యబుద్ధి కాలేదు. ప్రోగ్రాం వెళ్ళి వెళ్ళి ఎడమ కింది మూల పక్కన, ఆ ప్రమాదపు గడిలోనే బిళ్ళ పెడుతోంది. చిన్నపిల్లాడు కూడా పెట్టని చోటది. మూల నోరు తెరుచుకుని ఉంది. యోబుకి మూల విలువ నేర్పిందే మాస్టారు. ఆయన మాత్రం దాన్ని తీసుకోవట్లేదు. తెర మీద అటువైపు ఏదో కూచుని ఉన్నట్టు, దాన్ని తప్పించుకుని తిరుగుతున్నట్టు ఆడుతున్నారు.

ఆయన్ని బండెక్కించి వచ్చి యోబు పట్టిక ప్రింటు తీశాడు. మూడు మూలల దగ్గర ఆ గడి విలువ మైనస్సుల్లోనే ఉంది. ఎడమ కింద మాత్రం ప్లస్ ముప్పై దాటింది. ప్రోగ్రాంలో తప్పుందేమోనని ప్రతి వాక్యం వేలు పెట్టి చదివాడు. తప్పు లేదు. ఆట నియమాల్లో ఏ మూలకీ ప్రత్యేకత లేదు. అయినా ఆ ఒక్క మూలలో ఏదో ఉందని యంత్రం చెబుతోంది. ఆ క్షణం నుంచీ అతనికి గెలుపు మీద ఆశ పోయి, మాస్టారి గురించి భయం పట్టుకుంది.

తరువాతి శనివారం ఆట సగంలో మాస్టారు చేతులు ఎత్తేశారు.

"నాకు ఎత్తు లేదురా. వంతు వదిలేస్తున్నా."

మీట నొక్కారు. మీకు ఇంకా ఒక ఎత్తు ఉందని తెర మీద ఇంగ్లీషులో పడింది. యంత్రం ఆ ఎత్తులు లెక్కపెట్టుకునే మార్కులు వేసుకుంటుంది మరి, దాని లెక్క తప్పదు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని వెతికారు. యోబు కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాడు. ఖాళీ మూల ఎడమ కింద, ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. ఆయన ముఖం కుడివైపు వరసల మీదే నెమ్మదిగా తిరుగుతోంది.

"నీ మిషను అబద్ధాలు కూడా నేర్చిందేంటి యోబూ?"



తెల్లారి ఆదివారం తెనాలి వెళ్ళాడు. లూథరన్ చర్చిలో వాక్యం చదివే వంతు మాస్టారిది. ఆయన గంభీరంగా చదువుతుంటే ప్రతి వరసా నడిమధ్య నుంచి మొదలవుతోంది. పేజీ ఎడమ పక్కనున్న మాటలు ఆయన నోట రావట్లేదు. జనం పెద్దాయన కదా అని తలలు వంచుకుని విన్నారు. వినేవాళ్ళకి అర్థం కాని ఆ ముక్కల్ని ఆయన పూర్తి వాక్యాలన్నంత నిబ్బరంగా పలికారు.

మాస్టారి భార్య ఏసమ్మ ఇద్దరికీ భోజనం పెట్టింది. మాస్టారు కంచంలో కుడివైపున్నదంతా తిని, చెయ్యి కడుక్కోబోయారు. ఎడమవైపు వంకాయ కూర పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఈ మధ్య ఇంతే బాబూ," అంది ఏసమ్మ. "కూర వెయ్యలేదని నన్నే కేకలేస్తారు. వంకాయంటే ప్రాణం పెట్టే మనిషి."

యోబు పాత అట్ట దించాడు. మూతలు సర్దాడు. ఆట కొంత సాగాక, ఈసారి ప్రమాదపు గడిలో కావాలని తనే పెట్టాడు, మాస్టారికి కుడివైపు కింద. మాస్టారు పకపకా నవ్వి మూల లాగేసుకున్నారు.

"గాడిదా, ఇన్నేళ్ళొచ్చినా ఇదేనా ఆట?"

"పొరపాటయిందండి. ఆ మూత వెనక్కి తీసుకుంటానండి. కాస్త మంచినీళ్ళు తాగి రండి."

ఆయన లేచి వెళ్ళగానే యోబు తిరగబడ్డ మూతలన్నీ మునుపటిలా సర్ది, మూల ఖాళీ చేసి, తన మూతని మాత్రం తియ్యకుండా అట్టని పావు వంతు తిప్పాడు. అవే మూతలు, అదే మూల. ఇప్పుడది మాస్టారి ఎడమచేతి కింద ఉంది. ఆయన వచ్చి కూచున్నారు. చూశారు. చాలాసేపు చూశారు. కుడివైపు ఎక్కడో పనికిరాని ఎత్తు వేసి, "ఊ, కానీ," అన్నారు.

యోబు ఏడ్చాడు. దాచుకోలేదు. అట్టని తిరిగి కుడివైపుకి తిప్పి చూపించాడు. మాస్టారు ఆ మూలని చూశారు. మళ్ళీ ఎడమకి తిప్పాడు. ఆయన ముఖంలో మూల మాయమైపోవడం యోబుకి కళ్ళారా కనిపించింది. నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పాక మాస్టారు రెండు చేతులూ అట్ట మీద పెట్టేశారు.

"నాకు చీకటిగా ఏం లేదురా," అన్నారు మెల్లిగా. "అంతా నిండుగానే ఉంది. లేని చోటు లేదని నాకెలా తెలుస్తుంది?"

వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కళ్ళు బాగానే ఉన్నాయని, తలలో కుడివైపు నిమ్మకాయంత గడ్డ ఉందని, అందుకే ఎడమవైపుని తల పట్టించుకోవట్లేదని చెప్పారు డాక్టర్లు. అది చెడ్డ జాతి గడ్డ కాదు, ఇంకా ఆలస్యమైతే మాత్రం మనిషి దక్కేవాడు కాదన్నారు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేముందు మాస్టారు యోబుని దగ్గరికి పిలిచారు.

"ఇంతకీ నన్ను ఓడించినట్టా, కాదా?"

"కాదండి."

"అది చెప్పు ముందు," అని నవ్వి లోపలికి వెళ్ళారు.

గుండు మీద మంకీ క్యాప్ పెట్టుకుని మళ్ళీ బాపట్ల రావడానికి ఆయనకి చలికాలం అయింది. ఎడమవైపు చాలావరకు తిరిగొచ్చింది గాని, ఆయనకి తన చూపు మీద నమ్మకం పోయింది. ఆయన కోసం యోబు ఒక మీట పెట్టాడు. నొక్కితే తెర మీద బోర్డు సగం చుట్టు తిరుగుతుంది. మాస్టారు ప్రతి ఎత్తుకీ ముందు దాన్ని నొక్కేవారు. ప్రోగ్రాం అలవాటుగా వెళ్ళి ఎడమ కింది మూల పక్కన బిళ్ళ పెట్టింది. మాస్టారు బోర్డు తిప్పి, చూసి, మూల తీసుకుని, దాన్ని మట్టి కరిపించారు. తన ప్రోగ్రాం ఓడినందుకు యోబు ఆ రోజు కాలేజీ స్టాఫందరికీ టీలు ఇప్పించాడు.

"ఇక గళ్ళని జతలు కట్టెయ్యి," అన్నారు మాస్టారు వెళ్తూ. "కాని ఆ పాతది చెరిపెయ్యకు. అప్పుడప్పుడు నువ్వు ఆడుతుండు. నీ పట్టిక నువ్వు చూసుకోవాలి కదా."

యోబు కొత్తది పది విలువలతో రాశాడు. అది బాగా ఆడింది. అయినా ఆయన బతికున్నంతకాలం ఆయన్ని గెలవలేదు.

మాస్టారు పోయాక, పాత ఫ్లాపీలోని ప్రోగ్రాంతో యోబు ఏటా కొన్నాళ్ళు వరసగా ఆడతాడు. మొదట పట్టికలో అంకెల్ని నాలుగు మూలలకీ సరిసమానం చేసి పెడతాడు. ఆటలయ్యాక ప్రింటు తీసి ఇంటికి తెస్తాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక మూల అంకెలు ఇంకో మూల అంకెల మీద పడేట్టు బల్బుకి ఎదురుగా పట్టుకుని చూస్తాడు. ఏటా కొద్దిగా తేడా ఉంటుంది. అది ఆటలో వచ్చే తేడాయో, తనలోదో తేల్చుకోలేక మళ్ళీ చూస్తాడు.

"ఆ కాగితంలో ఏంటండీ అంతలా వెతుకుతారు?" అని అడిగింది భార్య పున్నమ్మ. "అన్నం చల్లారిపోతోంది, రండి."

యోబు వచ్చి కూచుని, కుడివైపున్న పప్పుతో అన్నం కలుపుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కోబోతూ ఆగి, కంచాన్ని సగం చుట్టు తిప్పాడు. వంకాయ కూర ఉంది.

పున్నమ్మ దాన్ని ఎప్పుడు వడ్డించిందో అతనికి తెలియదు.