అత్త తెచ్చిన ఆకు రసం

అక్కకు ఆరో నెలలో డెంగీ వచ్చింది. సూర్యాపేట దవాఖానాలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని తెలియగానే, మిర్యాలగూడ నుంచి మా మేనత్త స్టీలు డబ్బా నిండా బొప్పాయి ఆకు రసంతో బస్సు దిగింది.

"కండ్లు మూసుకొని తాగు బిడ్డా. మీ మామకు గిదే తాపిన, మల్ల పెరిగినయ్."

"కడుపుతోని ఉన్నోళ్లు బొప్పాయి ముట్టొద్దని మొన్న మా ఇంటికొచ్చినప్పుడే పండ్ల బండిని వాకిట్లకెల్లి ఎల్లగొట్టినవ్ గదా అత్తా?" అన్నాను.

"అది కాయ, ఇది ఆకు. నీ కాలేజీ వాదం గీడ పెట్టకు."

అక్క అప్పటికే డబ్బా వైపు చెయ్యి చాచింది. నేను డబ్బా అందుకొని, అత్తను వెంటబెట్టుకొని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆకు రసంతో ప్లేట్‌లెట్లు కొంత పెరిగాయని చెప్పే చిన్న పరిశోధనలు ఉన్నాయని, అది రక్తస్రావాన్ని ఆపుతుందనో ప్రాణం కాపాడుతుందనో మాత్రం రుజువు కాలేదని ఆవిడ ఓపికగా వివరించింది. గర్భిణులకు అది సురక్షితమని తేలలేదు. పచ్చి బొప్పాయి పాలు గర్భసంచిని ముడుచుకునేలా చేయవచ్చు. ఆ పాలు ఆకులోనూ ఉంటాయి.

"మరి మా ఆయనకెట్ల పెరిగినయమ్మా?"

"జ్వరం తగ్గినంక చాలామందికి వాటంతటవే పెరుగుతయి."

అత్త నోరు తెరిచింది. "అయితే గంత చేదు ఆయనకు ఉత్తగనే తాపిన్నా!"

అక్కను కనిపెట్టుకొని ఉంటూ, సెలైన్ మాత్రమే ఎక్కించారు. జ్వరం దిగిన తర్వాత ప్లేట్‌లెట్లు పెరగసాగాయి. బిడ్డ గుండె చప్పుడు బాగుందని డాక్టరమ్మ చెప్పాకే అత్త కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.